చదివిన గంటలు, వచ్చిన మార్కులు: నల్ల దారంతో నేను రిగ్రెషన్ నేర్చుకున్న కథ

చివరి బెంచీ

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. చివర్లో ఒక సందేహం ఉంది.

డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. రిగ్రెషన్ పాఠం చెప్పిన రోజు బోర్డంతా సిగ్మాలే. సూత్రం రాసుకున్నాను, లెక్క చేస్తే జవాబు కూడా వచ్చింది. కానీ ఏం చేశానో నాకే తెలియలేదు. ఆ వారంలోనే ఇంటర్నల్ మార్కులు ఇచ్చారు. నాకో ఆలోచన వచ్చి, క్లాసులో ఎనిమిది మంది దగ్గరికి వెళ్లి పరీక్షకు ముందు వారంలో ఈ సబ్జెక్టు ఎన్ని గంటలు చదివారో, నూటికి ఎన్ని వచ్చాయో అడిగి రాసుకున్నాను.

```
గంటలు:    2,  4,  5,  6,  8,  9, 10, 12
మార్కులు: 35, 50, 59, 60, 72, 71, 72, 77
```

గ్రాఫు కాగితాన్ని థర్మోకోల్ ముక్క మీద పరిచి, ఒక్కో చుక్క దగ్గర ఒక్కో గుండుసూది గుచ్చాను. మొదటి సూది నుంచి చివరి సూదికి నల్ల దారం లాగి కట్టాను. చూడ్డానికి బాగానే ఉంది గానీ, మధ్యలో ఉన్న ఆరు సూదులూ దారానికి పైనే ఉన్నాయి. ఒక్కటి కూడా కింద లేదు. అంటే ఆ ఆరుగురికీ నా దారం తక్కువ మార్కులే చెబుతోంది. ఒక్కొక్కరి తేడాను వర్గం చేసి కూడితే 435 వచ్చింది.

అప్పుడు గంటల సగటు 7, మార్కుల సగటు 62 అని కట్టి, ఆ చోట ఇంకో సూది గుచ్చి, దారాన్ని దానికి కట్టి తిప్పడం మొదలుపెట్టాను. గంటకు 3 మార్కులు పెరిగేలా తిప్పితే వర్గాల మొత్తం 222. గంటకు 5 పెరిగేలా తిప్పితే మళ్లీ 222! రెండు వైపులా ఒకే సంఖ్య వచ్చేసరికి అన్నిటికంటే తక్కువ మొత్తం ఎక్కడో మధ్యలో ఉందనిపించింది. 4 దగ్గర పెట్టి చూస్తే 144. నాలుగున్నర దగ్గర 163.5. ఇక 4 నుంచి ఎటు తిప్పినా మొత్తం పెరుగుతూనే ఉంది. సూత్రంలో వేసి చూస్తే అదీ 4 అనే చెప్పింది. బోర్డు మీద సిగ్మాలన్నీ చేసే పని ఈ దారం తిప్పడమేనని అప్పుడు అర్థమైంది. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు, అంత సంతోషం.

గీత ఇదీ: మార్కులు = 34 + 4 × గంటలు.

ఇప్పుడు సందేహం. నేను చదివింది 7 గంటలు. కావాలనే నన్ను ఆ ఎనిమిది మందిలో కలపలేదు, గీతను పరీక్షించడానికి దాచుకున్నాను. గీత 62 అంటోంది, నాకు వచ్చింది 67. ఐదు మార్కుల తేడా అంటే గీత పనికిరాదనా? ఇంకోటి, 20 గంటలు వేస్తే నూటికి 114 వస్తోంది. ఎక్కడ తప్పు చేశాను?

కోడ్ కుర్రాడు

తప్పేమీ లేదు. నేనూ వేసి చూశాను, సరిగ్గా అదే వచ్చింది.

```python
import numpy as np
x = np.array([2, 4, 5, 6, 8, 9, 10, 12])
y = np.array([35, 50, 59, 60, 72, 71, 72, 77])
b, a = np.polyfit(x, y, 1)
print(a, b)
print(y - (a + b*x))
```

R² దాదాపు 0.90 ఉంది. 0.90 అంటే మోడల్ చాలా బాగున్నట్టే. ఐదు మార్కుల తేడా మామూలే, ఆ ఎనిమిది మందిలోనూ అటూ ఇటూ అంత తేడా ఉంది కదా. 114 సంగతికొస్తే, 100 దాటితే 100గా తీసుకోండి, సరిపోతుంది. వర్గం ఎందుకు చేస్తామంటారా, ప్లస్సులూ మైనస్సులూ కొట్టుకుపోకుండా, అంతే.

అమ్మ డైరీ

నమస్తే అండీ, లెక్కలు నాకు అంతగా రావు. మా పాపకు 90 దాటాలని పట్టుదల. ఈ లెక్క ప్రకారం వారానికి ఎన్ని గంటలు కూర్చోబెట్టాలో చెప్తారా?

కోడ్ కుర్రాడు

సులువే అండీ. 90లోంచి 34 తీసేస్తే 56, దాన్ని 4తో భాగిస్తే 14 గంటలు.

నిదానం

అమ్మా, ఆ 14 గంటల జవాబు పట్టుకుని పాపను కూర్చోబెట్టకండి. ఎందుకో చెబుతాను.

చివరి బెంచీ, దారం తిప్పి 4 పట్టుకున్నావే, అది చాలా బాగుంది. రిగ్రెషన్ నేర్చుకునేవాళ్లలో చాలామంది ఆ మెట్టు ఎక్కకుండానే సూత్రానికి దూకేస్తారు. అయితే గీత వేశాక నువ్వు 144 అనే ఒక్క సంఖ్య చూసి ఆగిపోయావు. ఆ 144 వెనక ఎనిమిది తేడాలున్నాయి. వాటిని గంటల వరుసలోనే, గుర్తులతో సహా, ఒక లైనులో రాసి చూడు. సంఖ్యల సైజు కంటే ముందు ప్లస్సులూ మైనస్సులూ ఏ వరుసలో వస్తున్నాయో చూడు.

చివరి బెంచీ

రాశాను సార్. 2 గంటల దగ్గర −7. తర్వాత వరుసగా 0, 5, 2, 6, 1, −2, చివర 12 గంటల దగ్గర −5.

రాస్తుంటేనే కనిపించింది. రెండు చివర్లా మైనస్, మధ్యలో అంతా ప్లస్. సూదులు దారానికి అటూ ఇటూ చెదిరి లేవు, విల్లులా వంగి ఉన్నాయి. మళ్లీ థర్మోకోల్ ముక్క తీసి కళ్లకు ఎదురుగా, ఏటవాలుగా పట్టుకుని దారం వెంబడి చూశాను. సూదుల తలలు మధ్యలో లేచి చివర్లో దిగుతున్నాయి. ఇన్ని రోజులూ నా ముందే ఉంది, పై నుంచి చూశాను కాబట్టి తెలియలేదు.

నా 7 గంటలు కూడా సరిగ్గా ఆ ప్లస్సుల మధ్యలోనే పడతాయి కదా? నాకు గీత కంటే ఐదు ఎక్కువ రావడం అందుకేనా?

నిదానం

అవును, ఆ వైపుకే తేడా వస్తుందని ముందే ఊహించవచ్చు. ఒక్క మనిషితో రుజువైపోదు, కానీ ఉన్న వంపుకు నీ మార్కు చక్కగా సరిపోతోంది. తేడాలన్నీ ఉత్త చెదురే అయితే ప్లస్సులూ మైనస్సులూ కలగాపులగంగా ఉండాలి. ఇలా గుంపులుగా వస్తున్నాయంటే, గీత పట్టుకోలేక వదిలేసింది ఏదో వాటిలో ఉన్నట్టు.

ఇక్కడ కారణం కూడా తేలికే. మొదటి రెండు మూడు గంటల్లో తప్పకుండా వచ్చే ప్రశ్నలు చదువుతారు, మార్కులు గబగబా పెరుగుతాయి. పదో గంటలో చదివేది అప్పటికే సగం వచ్చిన పాఠం. 4 గంటలు చదివిన మనిషికీ 5 గంటలు చదివిన మనిషికీ మధ్య 9 మార్కులున్నాయి. 10కీ 12కీ మధ్య, రెండు గంటల దూరానికి, 5 మాత్రమే. గంటకు 4 అనేది అన్ని గంటలూ కలిపిన సగటే గానీ, ఏ గంటకూ అది నిజమైన ధర కాదు.

R² 0.90 ఉంటే మోడల్ బాగున్నట్టే అన్న మాట దగ్గర తమ్ముడితో నాకు పేచీ ఉంది. మార్కుల్లో ఉన్న హెచ్చుతగ్గుల్లో ఎక్కువ భాగాన్ని గీత పట్టుకుందని మాత్రమే అది చెబుతుంది. పట్టుకోనిది వంకరగా ఉందా చెదురుగా ఉందా అన్నది అందులో కనిపించదు.

రాత్రి షిఫ్టు

ల్యాబులో పనిచేస్తాను, మాకిది రోజూ ఎదురయ్యేదే. స్పెక్ట్రోఫోటోమీటర్‌లో గాఢత పెంచుతూ శోషణ కొలిచి, తెలిసిన ద్రావణాలతో గీత వేస్తాం. తక్కువ గాఢతల దగ్గర చక్కగా తిన్నగా వెళ్తుంది, పైకి పోయేకొద్దీ వంగిపోతుంది. R² 0.99 వచ్చినా చివరి చుక్క కింద పడితే, ఆ చుక్క దాటి శాంపిల్ చదవం. నీళ్లు కలిపి పలచన చేసి, గీత తిన్నగా ఉన్న భాగంలోకి తెచ్చి చదువుతాం. చదువును పలచన చేయలేం గానీ, 12 గంటల దాకా కొలిచిన గీతతో 20 గంటలకు చెప్పకూడదన్నది మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

కోడ్ కుర్రాడు

ఒప్పుకుంటున్నాను, తేడాలు ప్రింట్ చేశాను గానీ చూడలేదు. గీత బదులు వంపు పెట్టి రెండు రకాలుగా చేశాను. మొదట గంటల వర్గం కూడా కలిపి, `np.polyfit(x, y, 2)` వాడాను. తేడాల వర్గాల మొత్తం 144 నుంచి దాదాపు 25కి పడిపోయింది. తర్వాత గంటల బదులు `np.log2(x)` తీసుకుని మామూలు గీతే వేశాను. అది దాదాపు 26. అందులో గంటలు రెట్టింపైన ప్రతిసారీ 16.6 మార్కులు పెరుగుతున్నట్టు వస్తోంది. 7 గంటలకు మొదటిది 66, రెండోది 65 అంటున్నాయి. చివరి బెంచీ గారికి వచ్చిన 67కి రెండూ దగ్గరే.

రెండూ ఇంచుమించు సమానంగా అతికాయి కదా అని రెండింట్లోనూ 20 గంటలు వేసి చూశాను. వర్గం కలిపింది 48 అంటోంది. లాగ్ పెట్టింది 90 అంటోంది. పాత గీత ఎలాగూ 114. ఒకే ఎనిమిది చుక్కల నుంచి 48, 90, 114! ఏది నమ్మాలి?

నిదానం

20 గంటలకు ఏదీ నమ్మొద్దు. ఆ ఎనిమిది మందిలో 12 గంటలు దాటినవాళ్లే లేరు. 2 నుంచి 12 దాకా రెండు వంపులూ పక్కపక్కనే నడుస్తాయి, అక్కడ చుక్కలు వాటిని పట్టి ఉంచుతాయి. ఆ హద్దు దాటితే చుక్కల పట్టు ఉండదు, ఇక మనం ఏ సూత్రం ఎంచుకున్నామో అదే మాట్లాడుతుంది. వర్గం కలిపిన వంపు 11.8 గంటల దగ్గర శిఖరం చేరి, అక్కడి నుంచి దిగిపోతుంది. ఎక్కువ చదివితే మార్కులు తగ్గుతాయని ఎవరూ ఆ పిల్లల దగ్గర కొలవలేదు. పరాబొలా వేశాం కాబట్టి అది తిరిగి దిగాల్సిందే.

100 దాటితే 100గా తీసుకోమన్న సలహా కూడా ఇందుకే నాకు నచ్చలేదు. 114 రావడం ఒక హెచ్చరిక. దాన్ని 100గా కత్తిరిస్తే హెచ్చరిక మాయమవుతుంది, తప్పు మాత్రం 14 గంటల దగ్గర అలాగే ఉంటుంది.

అమ్మా, మీ ప్రశ్న ఇప్పుడు చూడండి. 90 మార్కులకు గీత 14 గంటలంటుంది, లాగ్ వంపు దాదాపు 20 గంటలంటుంది, వర్గం కలిపిన వంపు 76 కూడా దాటదు. పైగా వీళ్లంతా ఒక క్లాసులో, ఒక పరీక్ష రాసిన పిల్లలు. మీ పాప గురించి ఇందులో ఏమీ లేదు.

చివరి బెంచీ, నిన్నొక మాట అడగాలి. ఎనిమిది మందినే ఎందుకు అడిగావు?

చివరి బెంచీ

మీరు అడుగుతారనే భయపడుతున్నాను. అడిగింది తొమ్మిది మందిని. ఒకతను 14 గంటలు చదివాడు, 40 వచ్చాయి. ఆ చుక్క పెడితే గీత మొత్తం పాడైపోయింది. ఎక్కడో తప్పుగా చెప్పి ఉంటాడనుకుని తీసేశాను. మొదటి పోస్టులోనే ఈ మాట రాయాల్సింది, రాయలేదు. క్షమించండి.

కోడ్ కుర్రాడు

అది అవుట్‌లయర్ అండీ, తీసేయడమే సరైన పని. నేను కలిపి చూశాను, వాలు 4 నుంచి 1.44కి పడిపోయింది, మొదలు 34 నుంచి 48కి లేచింది. 12 గంటలు చదివి 77 తెచ్చుకున్నవారికి కొత్త గీత 66 అంటోంది. ఒక్కరి కోసం ఎనిమిది మందికీ తప్పు చెప్పే గీత ఎందుకు?

నిదానం

ఒక్క చుక్కకు అంత బలం ఎక్కడిదో ముందు చూద్దాం. వర్గం చేసేది గుర్తులు కొట్టుకుపోకుండా ఉండటానికే అయితే, మైనస్ తీసేసి ఉత్త దూరాలు కూడినా సరిపోయేది. లెజెండర్ 1805లో వర్గాల పద్ధతిని ప్రచురించడానికి దాదాపు 50 ఏళ్ల ముందే బోస్కోవిచ్ ఆ దూరాల పద్ధతిలో గీత వేశాడు. అదీ సగటు బిందువు గుండా వెళ్లేలా, మన చివరి బెంచీ సూది గుచ్చినట్టే. వర్గం చేస్తే పెద్ద తప్పు చాలా పెద్దదైపోతుంది, తేడా అదే.

పాత గీత ఈ అబ్బాయికి 90 చెబుతుంది. వచ్చింది 40. తేడా 50, వర్గం 2,500. మిగతా ఎనిమిది మందివీ కలిపితే 144. కాబట్టి గీతకు ఇక ఒకటే పని, ఆ 2,500ను తగ్గించడం. అతను కుడి చివరన ఉన్నాడు, దారం కొసను పట్టుకుని కిందికి లాగినట్టు లాగుతాడు. అదే 40 మార్కులు 7 గంటల దగ్గర ఉంటే దారం మొత్తం కొంచెం కిందికి జరిగేది గానీ, వాలు మారేది కాదు.

అంతమాత్రాన తీసేయవచ్చా? సంఖ్య తప్పని తెలిస్తే తీసేయి. గీతకు నచ్చలేదని తీసేయకూడదు. తీసేసినా, తీసేశానని రాయాలి. వెళ్లి అతన్నే అడుగు.

రాత్రి షిఫ్టు

నిదానం గారితో కొంత విభేదిస్తాను. మా దగ్గర ఒక శాంపిల్ రీడింగు అంత దూరంగా పడితే మళ్లీ కొలుస్తాం, రెండోసారి సరిగ్గా వస్తే మొదటిది పక్కన పెడతాం. పరీక్షను మళ్లీ పెట్టలేరు కదా. మళ్లీ కొలవలేని చోట ఒక్క చుక్క చేతిలో గీత మొత్తం పెట్టడం నాకు సబబుగా అనిపించదు. పక్కన పెట్టి, పెట్టామని రాస్తే చాలు.

అమ్మ డైరీ

లెక్క సంగతి నాకు తెలియదు గానీ ఒక మాట చెప్పనా? మా పాప లెక్కల్లో వెనకబడింది కాబట్టే ఎక్కువ గంటలు కూర్చుంటుంది. పక్కింటి అబ్బాయికి వచ్చు కాబట్టి తక్కువ చదువుతాడు, మార్కులు వాడికే ఎక్కువ. ఆ 14 గంటల అబ్బాయి కూడా రాక చదివాడేమో. ఎక్కువ చదివినందుకు 40 వచ్చాయా, 40 వచ్చేలా ఉన్నాడు కాబట్టి ఎక్కువ చదివాడా?

నిదానం

అమ్మా, లెక్కలు రావన్నారు గానీ ఈ చర్చలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న మీరే అడిగారు. గంటలే మార్కుల్ని నిర్ణయిస్తున్నాయని మేమంతా మాట్లాడకుండానే అనుకున్నాం. పాఠం అంతకుముందు ఎంత వచ్చు అన్నది గంటల్నీ మార్కుల్నీ రెండింటినీ కదిలిస్తుంటే, గంటకు 4 అనేది గంట చదివినందుకు దక్కే 4 మార్కులు కాదు.

చివరి బెంచీ

అతన్ని అడిగాను. ఎలా అడగాలో తెలియక రెండు రోజులు తిరిగాను. గంటలు అబద్ధం కాదు, రోజుకు రెండు గంటల చొప్పున ఏడు రోజులు అని పుస్తకంలో రాసుకున్నది చూపించాడు. ఒంట్లో బాగోలేక రెండు నెలలు క్లాసులకు రాలేదట. ఆ వారంలో మొదటి పాఠం నుంచి ఒక్కడే మొదలుపెట్టాడు. మూడో పాఠం సగంలో ఉండగా పరీక్ష వచ్చేసింది. "నీ గ్రాఫులో నన్ను పెట్టావా?" అని అడిగాడు. తీసేశానని చెప్పలేకపోయాను.

ఇప్పుడు తొమ్మిదో సూది గుచ్చాను, ఎర్ర తల ఉన్నది. అందరికంటే సరైన రీడింగు అతనిదే, మిగతా ఎనిమిది మందీ గుర్తున్నంత వరకు చెప్పారు.

ఒక సందేహం. ముందు పరీక్ష మార్కులు గానీ, క్లాసుకు వచ్చిన రోజులు గానీ రెండో వరుసగా పెడితే గీత అతన్ని అర్థం చేసుకుంటుందా?

కోడ్ కుర్రాడు

చేసుకుంటుంది. హాజరు కాలమ్ కలిపితే అతని తేడా దాదాపు సున్నాకి వస్తుందని పందెం.

నిదానం

వస్తుంది, అందుకే నమ్మలేం. రెండు నెలలు రానివాడు అతనొక్కడే. హాజరుకు ఎంత విలువ కట్టాలన్నది అప్పుడు అతనొక్కడి మార్కు నుంచే తేలుతుంది. మోడల్ అతన్ని వివరించినట్టు కనిపిస్తుంది, నిజానికి అతని పేరు రాసుకుని మార్కు పక్కన పెట్టుకున్నట్టే. క్లాసులు తప్పినవాళ్లు ఇంకొందరు కావాలి. వాళ్లలోనూ తక్కువ చదివినవాళ్లు, ఎక్కువ చదివినవాళ్లు ఇద్దరూ ఉండాలి. ఈసారి మార్కులు వచ్చాక గంటలు అడక్కు. మంచి మార్కులు వచ్చినవాళ్లు గంటలు తగ్గించి చెబుతారు, రానివాళ్లు పెంచి చెబుతారు, లేదా ఇది తారుమారైనా కావచ్చు. ఎటైనా వాలు మారిపోతుంది.

రాత్రి షిఫ్టు

అప్పటిదాకా ఏ గీత చూపించాలి మరి, 4 దా 1.44 దా? నా ఓటు ఇప్పటికీ 4కే, కింద ఒక వాక్యం రాసి.

నిదానం

నేనైతే రెండూ చూపిస్తాను. ఒకటే చూపించమంటే, "క్లాసులకు క్రమంగా వచ్చినవాళ్లకు, 2 నుంచి 12 గంటల మధ్య" అని రాసి వంపు చూపిస్తాను. మీరు చెప్పినదానికి ఇది మరీ దూరం కాదేమో.

చివరి బెంచీ

రెండో సెక్షన్‌లో కూడా అడిగాను. ఇప్పటికి 31 మంది ఒప్పుకున్నారు. అందరికీ ఒక్కో కాగితం ఇచ్చాను, రోజూ పడుకునే ముందు ఆ రోజు గంటలు రాయాలి, హాజరు నేను రిజిస్టరులో చూసుకుంటాను. పరీక్ష 5 వారాల్లో ఉంది. క్లాసులు బాగా తప్పినవాళ్లు వాళ్లలో నలుగురున్నారు. వాళ్లను వెతికి పట్టుకున్నది ఆ ఎర్ర సూది అబ్బాయే, కాగితాలు వసూలు చేసే పని కూడా తానే తీసుకున్నాడు. మార్కులు రాగానే తేడాలు వరుసగా రాసి ఇక్కడే పెడతాను, ఈసారి ఎవరినీ తీసేయకుండా.